తిట్టిన మాటను తిట్టినట్టే రాయండి

‘కస్టమర్ అసభ్య పదజాలం వాడాడు. సిబ్బంది సంయమనంతో వ్యవహరించారు.’

బ్యాంకు శాఖల నుంచి పై ఆఫీసులకు వెళ్లే గొడవల రిపోర్టుల్లో చాలావరకు ఇలాగే ఉంటాయి. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ రోజు కౌంటర్ దగ్గర ఏం జరిగిందో దీనివల్ల ఏమీ తెలియదు. ‘అసభ్యం’ అంటే ఏమిటి? గొంతు పెంచి ఏకవచనంలో మాట్లాడటమా? తల్లిని తిట్టడమా? బయటికి రా చూసుకుంటా అనడమా? ‘సంయమనం’ అంటే ఏమిటి? ఉద్యోగి నోరు మూసుకుని ఉన్నారా, సర్దిచెప్పారా, లేక ఒక మాట తిరిగి అన్నారా?

ఐబీపీఎస్, ఎస్‌బీఐ పరీక్షలకు చదువుతున్న మీలో చాలామంది మొదట కూర్చునేది కౌంటర్‌లోనే. ఇప్పుడు క్లర్కు అనే పేరు పోయి కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు. పేరేదైనా, కోపంతో ఉన్న మనిషికి అద్దం అవతల మొదట కనిపించేది మీరే. ఆ కోపం తిట్టుగా మారిన రోజున ఏం చేయాలో కోచింగ్‌లో చెబుతారు. ఓపిగ్గా వినాలి, మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లాలి. నిజమే. కానీ ఆ తర్వాత చేయాల్సిన పని ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది కాగితం మీద పెట్టడం. నా అభిప్రాయం ఒక్కటే: అన్న మాటను అన్నట్టు, మీరన్న మాటను కూడా అన్నట్టు, ఆ రోజే రాయాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ రిపోర్టు మీకు అక్కరకు రాదు. ఒక్కోసారి మీకే ఎదురు తిరుగుతుంది.

ఒక సోమవారం, మూడో కౌంటర్

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్క శాఖదీ కాదు, ఏ శాఖలోనైనా జరగగలిగేది.

నెల మొదటి సోమవారం. హాలు పింఛన్ల కోసం వచ్చినవాళ్లతో నిండి ఉంది. మూడో కౌంటర్‌లో నాలుగు నెలల క్రితం చేరిన అమ్మాయి కూర్చుంది. యాభై ఏళ్లున్న ఒకాయన విత్‌డ్రాయల్ ఫారం, పాస్‌బుక్కు ఇచ్చాడు. నలభై వేలు కావాలి. కూతురి హాస్టల్ ఫీజుకు ఆ రోజే ఆఖరు. ఖాతాలో డబ్బుంది. కానీ రెండేళ్లకు పైగా లావాదేవీలు లేకపోవడంతో అది ఇనాపరేటివ్ అయింది. ఆయన తొమ్మిది రోజుల క్రితమే వచ్చి ఆధార్, పాన్ నకళ్లు, దరఖాస్తు ఎంక్వయిరీ డెస్కులో ఇచ్చి వెళ్లాడు. ఖాతా మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

ఇక్కడ ఒక నిబంధన తెలిసి ఉండాలి. ఇలాంటి ఖాతాను మళ్లీ వాడుకలోకి తెమ్మని అన్ని కాగితాలతో అడిగితే, బ్యాంకు మూడు పనిదినాల్లో ఆ పని చేయాలి. దానికి ఛార్జీ తీసుకోకూడదు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఇది. అంటే ఆ సోమవారం నాటికి ఆలస్యం ఆయనది కాదు, బ్యాంకుది. తర్వాత రాయబోయే రిపోర్టుకు ఈ సంగతి చాలా ముఖ్యం.

మాటలు ఇలా సాగాయి.

‘‘పోయిన వారమే ఇచ్చా కదమ్మా కాగితాలు. మళ్లీ ఇమ్మంటారేంటి?’’

‘‘సిస్టమ్‌లో ఇంకా యాక్టివేట్ అవ్వలేదండీ. అయ్యేదాకా డబ్బు తీయడం కుదరదు.’’

‘‘అవ్వలేదా, మీరు చెయ్యలేదా?’’

‘‘నాకు తెలీదండీ. ఎంక్వయిరీలో అడగండి.’’

‘‘అక్కడ మనిషే లేడు. అరగంట నుంచి నిలబడ్డా.’’

‘‘నేనేం చేయను సార్? నెక్స్ట్ టోకెన్ రండి.’’

ఆయన అరచేత్తో కౌంటర్ అద్దం మీద గట్టిగా కొట్టాడు. ‘‘నేను మాట్లాడుతుంటే నెక్స్ట్ అంటావా? జీతం తీసుకుని ఏం పీకుతున్నావే ఇక్కడ? మీ అబ్బ సొమ్మా అది?’’

‘‘మర్యాదగా మాట్లాడండి. మేనేజర్ గారిని పిలుస్తాను.’’

‘‘పిలువు. సాయంత్రం ఆరింటికి బయటికొస్తావుగా, అప్పుడు చెప్తా నీ సంగతి.’’

మేనేజర్ వచ్చి ఆయన్ని కేబిన్‌లోకి తీసుకెళ్లారు. అమ్మాయి క్యాష్ డ్రాయర్‌కు తాళం వేసి, స్క్రీన్ లాక్ చేసి, లోపలికి వెళ్లి ఐదు నిమిషాలు కూర్చుంది. ఎంత కంగారులోనైనా ఈ రెండు పనులూ మరవకూడదు. తిట్టినవాడి కేసు ఎటు పోయినా, సాయంత్రం క్యాష్ తగ్గితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆ కౌంటర్‌లో కూర్చున్న మనిషే.

ఇంగ్లీషులోకి మారిస్తే పోయేది ఏమిటి?

ఈ సంఘటన మీద మామూలుగా తయారయ్యే రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. కస్టమర్ దుర్భాషలాడి బెదిరించాడు అన్న అర్థంలో రెండు వాక్యాలు ఉంటాయి. దీంట్లో అబద్ధం లేదు. కానీ విషయమూ లేదు.

తెలుగులో తిట్టు బరువు ఎక్కడుందో చూడండి. ఆయన మొదలుపెట్టింది ‘ఇచ్చా కదమ్మా’ అని. మీ కౌంటర్‌లో రోజుకు యాభైసార్లు వినే మాట అది. ‘నెక్స్ట్ టోకెన్’ అనగానే ‘మీరు’ పోయి ‘అంటావా’ వచ్చింది. ఆ వెంటనే ‘పీకుతున్నావే’ అన్నాడు. ఆ చివరి ‘వే’ ఎదుట ఉన్నది ఆడపిల్ల అని చూసి అన్నది. ‘అమ్మా’ నుంచి ‘వే’ దాకా వచ్చిన ఈ మార్పు ఇంగ్లీషులో కనపడదు. అక్కడ అన్నింటికీ ఒకటే మాట. పెద్ద నోరున్నంత మాత్రాన తిట్టినట్టు కాదు, నెమ్మదిగా అన్నంత మాత్రాన తిట్టు కాకుండా పోదు. తేడా అంతా ఆ క్రియ చివర్లోనే ఉంది.

బెదిరింపు సంగతీ అంతే. ‘నీ సంగతి మీ పై ఆఫీసులో తేలుస్తా’ అంటే అది ఫిర్యాదు చేస్తానని చెప్పడం. అది కస్టమర్ హక్కు. ‘సాయంత్రం ఆరింటికి బయటికొస్తావుగా, అప్పుడు చెప్తా’ అంటే అందులో సమయం ఉంది, స్థలం ఉంది, ఒంటరిగా దొరుకుతావన్న సూచన ఉంది. రెండింటినీ ‘బెదిరించాడు’ అని రాస్తే మొదటివాడికి అన్యాయం, రెండోదాంట్లో మీకు అన్యాయం. రిపోర్టు చదివే మేనేజరు ఆ సాయంత్రం మీకు సెక్యూరిటీ గార్డును తోడు పంపాలా వద్దా అని నిర్ణయించుకోవాలి. ‘బెదిరించాడు’ అన్న ఒక్క మాట చూసి ఆ నిర్ణయం తీసుకోవడం కష్టం. ‘ఆరింటికి’ అన్న మాట చూస్తే కష్టం లేదు.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో రెచ్చగొట్టేలా కావాలని అవమానించడం 352వ సెక్షన్ కిందికి, బెదిరింపు 351 కిందికి, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాట, సైగ 79 కిందికి వస్తాయి. ఏ మాట ఏ సెక్షన్ కిందికి వస్తుందో తేల్చడం మీ పని కాదు. అది పోలీసులు, కోర్టులు చూసుకుంటాయి. కానీ ఆ మాట ఏమిటో చెప్పగలిగేది మీరొక్కరే. పాత ఐపీసీలో అవమానానికి సంబంధించిన 504వ సెక్షన్ గురించి 2023 ఆగస్టులో ఇచ్చిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు ఇదే విషయం చెప్పింది. తిట్టారని ఆరోపించినప్పుడు ఆ తిట్లేమిటో తెలియకపోతే, అవి కావాలని చేసిన అవమానమో కాదో తేల్చలేమన్నది దాని సారం. కులం పేరుతో దూషించినప్పుడు ఇది మరీ ముఖ్యం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలబడాలంటే ఆ మాట ఏమిటి, అది నలుగురి ఎదుట అన్నదేనా అన్నవి రెండూ కావాలి. ‘కులం గురించి తప్పుగా మాట్లాడాడు’ అన్న వాక్యం ఆ రెండింటిలో దేనికీ జవాబు చెప్పదు.

కాబట్టి రిపోర్టు ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినా, తిట్టు మాత్రం తెలుగు లిపిలో, కొటేషన్ల మధ్య, అన్నది అన్నట్టు ఉండాలి. చుక్కలు పెట్టొద్దు. ‘రాయలేని మాట’ అని రాయొద్దు. మీరు వీటికి నియామకం పొందేటప్పుడు స్థానిక భాష పరీక్ష పెట్టేది ఎందుకనుకుంటున్నారు? కస్టమర్ మాట మీకు అర్థం కావాలని. అర్థమైన ఆ మాటను కాగితం మీద పెట్టాల్సిన రోజున సిగ్గుపడి ఇంగ్లీషు చాటుకు వెళితే ఎలా? ఈ పేజీలో అచ్చు వేయలేని మాటలు కూడా రిపోర్టులో ఉండాల్సిందే. ఆ మాట రాసినందుకు తలదించుకోవాల్సింది అన్నవారే కానీ రాసినవారు కాదు.

అయితే ఒక షరతు. కొటేషన్ల మధ్య పెట్టేది మీ చెవిన పడ్డ మాటే కావాలి. సగం వినపడితే ‘తర్వాత రెండు మూడు మాటలు వినపడలేదు’ అని రాయండి. మాట గుర్తులేక అర్థం మాత్రమే గుర్తుంటే కొటేషన్లు తీసేసి ‘ఈ అర్థం వచ్చేలా అన్నాడు’ అని రాయండి. పక్క కౌంటర్ వాళ్లు విని మీకు చెప్పిన మాటయితే వాళ్లు చెప్పారని రాయండి. రిపోర్టులో ఒక్క చోట ఊహ కలిసిందని తేలితే, మిగతా నిజాలన్నింటి మీదా అనుమానం వస్తుంది.

మీరన్న మాట ఎక్కడ?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికొద్దాం. పై సంభాషణలో రిపోర్టు రాసేటప్పుడు ఏ వాక్యం వదిలేయాలనిపిస్తుంది? ‘నేనేం చేయను సార్? నెక్స్ట్ టోకెన్ రండి.’

ఆ మాట తిట్టు కాదు. నియమాలకు విరుద్ధమూ కాదు. లైన్‌లో ఇరవై మంది ఉన్నప్పుడు ఎవరి నోటి నుంచైనా వచ్చేదే. కానీ గొడవ మలుపు తిరిగింది అక్కడే. అది రాస్తే తప్పు నాదే అంటారేమో అన్న భయంతో చాలామంది దాన్ని ‘కస్టమర్‌కు నిబంధన వివరించాను’ అని మార్చేస్తారు.

అలా మార్చాక ఏం జరుగుతుందో చూడండి. లైన్‌లో నిలబడ్డ ఎవరో ఫోన్‌లో వీడియో తీశారనుకుందాం. ముప్పై సెకన్ల వీడియో. మొదలయ్యేదే ‘నేనేం చేయను సార్? నెక్స్ట్ టోకెన్ రండి’ దగ్గర. సాయంత్రానికి అది ఊళ్లో తిరుగుతుంది. మర్నాడు కస్టమర్ లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇస్తాడు: తొమ్మిది రోజులు కాగితాలు పట్టించుకోలేదు, అడిగితే పొమ్మన్నారు అని. ఇప్పుడు రీజనల్ ఆఫీసు అధికారి ముందు మూడు ఉన్నాయి. వీడియో, కస్టమర్ ఫిర్యాదు, మీ రిపోర్టు. మొదటి రెండింటిలో ఉన్న మాట మూడోదాంట్లో లేదు. అప్పుడు ఆయన మీ రిపోర్టులోని ‘ఆరింటికి బయటికొస్తావుగా’ అన్న మాటను కూడా అనుమానంగానే చూస్తాడు. ఆ మాట వీడియోలో లేదు కదా, వీడియో అప్పటికే ఆగిపోయింది.

అదే మీరు ముందే మీ మాటను ఉన్నదున్నట్టు రాసి ఉంటే, వీడియో మీ రిపోర్టు నిజమని చెప్పే సాక్ష్యం అవుతుంది. మీకు వ్యతిరేకంగా కనిపించే వాక్యాన్ని మీరే రాశారు కాబట్టి మిగతావీ నమ్మొచ్చు అనిపిస్తుంది. మీ జవాబు మొరటుగా ఉందని మేనేజర్ మందలించవచ్చు. మందలింపు ఒక పూటతో పోతుంది. అబద్ధం రాశారన్న పేరు సర్వీసంతా వెంట వస్తుంది.

సిబ్బంది స్పందన అంటే మీ ఒక్క మాటే కాదు. మేనేజర్ ఎన్ని నిమిషాలకు వచ్చారు, ఏమన్నారు, గార్డు ఎక్కడున్నాడు, ఎంక్వయిరీ డెస్కు ఎందుకు ఖాళీగా ఉంది, చివరికి ఆయన పని అయిందా లేదా, ఇవన్నీ అందులో భాగం. మన ఉదాహరణలో మేనేజర్ ఆయనకు మంచినీళ్లు ఇచ్చి ఎంక్వయిరీ డెస్కు ట్రే తీయించారు. తొమ్మిది రోజుల నాటి దరఖాస్తు అందులోనే ఉంది. అధికారి దాన్ని చూసి ఖాతా యాక్టివేట్ చేశారు. 12.10కి నలభై వేలు చేతికిచ్చారు. ఇది కూడా రిపోర్టులో ఉండాలి. తప్పు బ్యాంకుదన్న వాక్యం రాసినంత మాత్రాన తిట్టు ఒప్పయిపోదు. ఆయన కోపానికి కారణం ఉంది. ఆ మాటకు లేదు. ఈ రెండూ పక్కపక్కన కనపడేలా రాయడమే మంచి రిపోర్టు.

ఆ కాగితం ఎలా ఉంటుంది?

ఆ అమ్మాయి మధ్యాహ్నం భోజనం వేళకు ముందు రాసి మేనేజర్‌కు ఇచ్చిన కాగితం ఇలా ఉండొచ్చు:

‘ఈ రోజు ఉదయం 11.20 ప్రాంతంలో మూడో కౌంటర్‌లో ఉన్నాను. దీనికి ముందు నేను చేసిన లావాదేవీ 11.16కి, తర్వాతది 11.41కి నమోదయ్యాయి. టోకెన్ 47తో వచ్చిన ఖాతాదారు రూ.40,000కు విత్‌డ్రాయల్ ఫారం ఇచ్చారు. ఖాతా ఇనాపరేటివ్‌గా ఉంది. కాగితాలు పోయిన వారమే ఇచ్చానని ఆయన చెప్పారు. యాక్టివేట్ అయ్యేదాకా డబ్బు తీయడం కుదరదని, ఎంక్వయిరీలో అడగమని చెప్పాను. అక్కడ ఎవరూ లేరని, అరగంట నుంచి నిలబడ్డానని అన్నారు. నేను ‘‘నేనేం చేయను సార్? నెక్స్ట్ టోకెన్ రండి’’ అన్నాను. ఆయన అరచేత్తో కౌంటర్ అద్దం మీద ఒకసారి కొట్టారు. అద్దం పగల్లేదు. ‘‘నేను మాట్లాడుతుంటే నెక్స్ట్ అంటావా? జీతం తీసుకుని ఏం పీకుతున్నావే ఇక్కడ? మీ అబ్బ సొమ్మా అది?’’ అన్నారు. ‘‘మర్యాదగా మాట్లాడండి. మేనేజర్ గారిని పిలుస్తాను’’ అన్నాను. ‘‘పిలువు. సాయంత్రం ఆరింటికి బయటికొస్తావుగా, అప్పుడు చెప్తా నీ సంగతి’’ అన్నారు. రెండు నిమిషాల్లో మేనేజర్ గారు వచ్చి ఆయన్ని కేబిన్‌కు తీసుకెళ్లారు. నేను క్యాష్‌కు తాళం వేసి లోపలికి వెళ్లాను. నాలుగో కౌంటర్ ఉద్యోగి, గార్డు దగ్గరలో ఉన్నారు. లైన్‌లో పదిహేను మంది దాకా ఉన్నారు. మూడో కౌంటర్ మీది కెమెరా ఫుటేజీ భద్రపరచాలని కోరుతున్నాను. ఈ సాయంత్రం ఒంటరిగా వెళ్లడానికి భయంగా ఉంది.’

కింద సంతకం, తేదీ, రాసిన సమయం 1.05.

ఇందులో ‘దుర్మార్గంగా’, ‘అమానుషంగా’ లాంటి విశేషణం ఒక్కటి కూడా లేదు. అవసరం లేదు. మాటలు ఉన్నాయి కదా, చదివినవాళ్లకే తెలుస్తుంది. సమయం ఎలా పట్టుకుందో చూడండి. గొడవ మధ్యలో గడియారం ఎవరూ చూడరు. కానీ అంతకుముందు, ఆ తర్వాత చేసిన లావాదేవీల సమయం సిస్టమ్‌లో ఉంటుంది. కౌంటర్ ఉద్యోగికి దొరికే ఈ సౌకర్యం ఇంకెవరికీ దొరకదు, వాడుకోండి.

ఫుటేజీ సంగతి రాతలో అడగడం కూడా ఊరికే కాదు. బ్యాంకు కెమెరాల్లో చాలావాటికి బొమ్మే తప్ప మాట ఉండదు. అద్దం మీద కొట్టడం కనపడుతుంది, ‘ఆరింటికి’ అనడం వినపడదు. పైగా కొన్నాళ్లకు పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. అందుకే ఫుటేజీ ఉంది కదా అని రాయడం మానకూడదు, రాశాం కదా అని ఫుటేజీ వదలకూడదు. కౌంటర్‌లో కూర్చుని సొంత ఫోన్‌తో రికార్డు చేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. అవతలివాళ్ల ఖాతా వివరాలు, పక్కన నిలబడ్డవాళ్ల వివరాలు అందులో పడతాయి. అప్పుడు విచారణ మీ మీదికి మళ్లుతుంది.

ఆ రోజే రాయాలనడానికి కారణం జ్ఞాపకం. రాత్రి ఇంటికి వెళ్లి అమ్మానాన్నలకు చెబుతారు, స్నేహితులకు చెబుతారు. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం చక్కబడుతుంది. మీ జవాబు కాస్త మర్యాదగా మారుతుంది, ఆయన తిట్టు కాస్త పెద్దదవుతుంది. మూడో రోజుకు ఆ చక్కబడ్డదే నిజమని మీకే అనిపిస్తుంది. సంఘటన జరిగిన వెంటనే తాను రాసుకున్న కాగితాన్ని కోర్టులో సాక్షి చూసి గుర్తుచేసుకోవడానికి సాక్ష్య చట్టం అనుమతిస్తుంది. వారం తర్వాత రాసినదానికి ఆ బలం ఉండదు.

సాక్షులు కూడా ఎవరిది వాళ్లు విడిగా రాయాలి. మీ కాగితం చూపించి ‘ఇలాగే రాసి సంతకం పెట్టు’ అనొద్దు. నాలుగో కౌంటర్ అతనికి ‘మీ అబ్బ సొమ్మా’ మాత్రమే వినపడి ఉంటే అతను అదే రాయాలి. ముగ్గురి రాతలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే కూడబలుక్కున్నారంటారు. చిన్న చిన్న తేడాలున్నా అసలు మాట కలిస్తే నమ్ముతారు.

ఆ కాగితం వెళ్లాల్సింది మేనేజర్ చేతికి. సిబ్బంది వాట్సాప్ గ్రూపులోకి కాదు. కస్టమర్ పేరు, ఖాతా సంగతి, తిట్టు కలిపి గ్రూపులో పెట్టారంటే ఖాతాదారు గోప్యతను మీరే బజారుకెక్కించినట్టు. మేనేజర్‌కు ఇచ్చేటప్పుడు ఒక నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకుని దగ్గర పెట్టుకోండి.

‘పోనీలే, వదిలెయ్’ అంటే?

దీనికి రెండు అభ్యంతరాలు వినపడతాయి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది.

మొదటిది సీనియర్ల నుంచి వస్తుంది. ‘రోజూ ఉండేదే, ప్రతిదీ రాస్తూ కూర్చుంటే పనెప్పుడు? మేనేజర్‌కు తలనొప్పి, శాఖకు చెడ్డపేరు.’ కోపంతో గట్టిగా మాట్లాడిన ప్రతి మనిషి మీదా రిపోర్టు రాయమని నేననడం లేదు. ‘మీ బ్యాంకు దండగ’, ‘మీకు పని చేతకాదు’ అన్నవి బాధతో వచ్చే మాటలు. వాటిని విని వదిలేయాలి. మీ పుట్టుకను, ఆడతనాన్ని, కులాన్ని, మీ ఇంట్లోవాళ్లను అన్నప్పుడు, మీ ఒంటికి హాని చేస్తానన్నప్పుడు మాత్రం రాయాలి. చర్య తీసుకోకపోయినా సరే, రాయాలి. ఆ మనిషే మూడు నెలల తర్వాత మరో కౌంటర్‌లో అదే మాట అంటే, మొదటి కాగితం ఉంటేనే అది రెండోసారి అని తెలుస్తుంది. శాఖల్లో సిబ్బందిపై దౌర్జన్యాలను కఠినంగా చూడాలని 2024 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక సేవల విభాగం రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు లేఖ రాసింది. పై నుంచి ఎన్ని లేఖలొచ్చినా కింద కాగితం లేకపోతే స్టేషన్‌లో చూపించడానికి ఏమీ ఉండదు.

ఆడపిల్లలకు ఇంకో మాట. కస్టమర్ అన్నది లైంగిక వేధింపు కిందికి వచ్చేదైతే, అతను బ్యాంకు ఉద్యోగి కాడు కదా అని ఊరుకోనక్కర్లేదు. పని ప్రదేశంలో వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం, బాధితురాలు కోరితే బయటివ్యక్తి మీద కూడా చట్టపరమైన చర్య మొదలయ్యేలా చూడటం యాజమాన్యం బాధ్యత. ‘కోరితే’ అన్న మాట గమనించండి. పోలీసుల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది మేనేజర్ ఒక్కరే తేల్చేది కాదు. మిమ్మల్ని అడగాలి, మీరు చెప్పిన జవాబు రాతలో ఉండాలి.

రెండో అభ్యంతరం కస్టమర్ వైపు నుంచి. ‘బ్యాంకువాళ్లు తమ తప్పులు కప్పిపుచ్చుకోవడానికే కేసు పెడతామని బెదిరిస్తారు. చదువురాని రైతు నోరు జారితే అతనిమీద కాగితమా?’ ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. రెండు వాక్యాల రిపోర్టులతో అలాగే జరుగుతుంది. ‘దుర్భాషలాడాడు’ అన్న ఒక్క మాటతో ఎవరినైనా ఇరికించొచ్చు, అతను నిజంగా ఏమన్నాడో ఎవరూ అడగరు. అందుకే నేను అన్న మాటను అన్నట్టు రాయమంటున్నది. అలా రాస్తే, అనని మాట అతని మెడకు చుట్టుకోదు. తొమ్మిది రోజుల ఆలస్యం కూడా అదే కాగితంలో ఉంటుంది. పూర్తిగా రాసిన రిపోర్టు ఉద్యోగికి ఎంత రక్షణో, కస్టమర్‌కూ అంతే రక్షణ.

మన ఉదాహరణలోనూ అదే జరిగిందనుకుందాం. డబ్బు చేతికొచ్చాక మేనేజర్ ఆయనతో, ఆలస్యం మాదే, క్షమించండి అన్నారు. తర్వాత కాగితం చూసి ఆ ‘ఆరింటికి’ మాట గురించి అడిగారు. ‘‘కోపంలో అనేశా సార్, మా అమ్మాయి వయసుంటుంది ఆ పిల్లకి’’ అన్నాడాయన. అది కూడా రాసుకున్నారు. పోలీసు ఫిర్యాదు అక్కర్లేదని అమ్మాయి చెప్పింది, అదీ రాశారు. మళ్లీ ఇలా జరిగితే చర్య ఉంటుందని ఆయనకు ఉత్తరం ఇచ్చారు. ఆ సాయంత్రం గార్డు బస్టాపు దాకా తోడు వెళ్లాడు. ఎంక్వయిరీ డెస్కులో కాగితాలు తీసుకుంటే తేదీ వేసి రసీదు ఇవ్వాలని మర్నాడు శాఖలో ఆదేశం వెళ్లింది. ‘కస్టమర్ అసభ్యంగా మాట్లాడాడు’ అని రాసి ఊరుకుంటే ఈ ఐదింటిలో ఒక్కటీ జరిగేది కాదు. ట్రేలో కాగితాలు అలాగే పడి ఉండేవి. ఇంకో వారానికి ఇంకో మనిషి ఇంకో అద్దం మీద కొట్టేవాడు.

పీఓ ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లను బోర్డు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: ‘‘కస్టమర్ మిమ్మల్ని తిడితే ఏం చేస్తారు?’’ ‘‘ఓపిగ్గా ఉంటాను సార్’’ అని అందరూ చెబుతారు. మీరు దానికి ఇంకో వాక్యం కలపండి: ‘‘ఆయనేమన్నారో, నేనేమన్నానో ఆ రోజే మాట పొల్లు పోకుండా రాసిస్తాను సార్.’’ తర్వాత వాళ్లు తప్పకుండా అడుగుతారు, ‘మీరన్నది కూడానా?’ అని. జవాబు మీకు తెలుసు.